99 రూపాయల ప్యాకెట్ బిల్లు 99.01 ఎందుకు అవుతుంది? డబ్బు లెక్కల టెస్టింగ్

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క బిల్లు తీసుకుందాం. 99 రూపాయల కారం ప్యాకెట్ బిల్లు. ఆ 99 రూపాయలు కార్ట్ సర్వీస్ నుంచి ట్యాక్స్ సర్వీస్‌కి, అక్కడి నుంచి పేమెంట్‌కి, ఇన్వాయిస్‌కి, చివరికి రీఫండ్‌కి వెళ్లేటప్పుడు పైసలు ఎక్కడ పుడతాయి, ఎక్కడ మాయమవుతాయి, వాటిని టెస్టులో ఎలా పట్టుకోవాలి అన్నది చూద్దాం. లెక్కలన్నీ చిన్నవే. పక్కన ఫోన్‌లో కాలిక్యులేటర్ పెట్టుకుని నాతో పాటు చేసుకుంటూ రండి.

నరసరావుపేటలో ఒక షాపు ఉందనుకోండి. ఎండుమిర్చి కారం ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ 99 రూపాయలు, అంటే అన్ని పన్నులూ కలిపి. కారం మీద జీఎస్టీ 5 శాతం. రాష్ట్రంలోపల అమ్మితే అందులో సగం సీజీఎస్టీ, సగం ఎస్‌జీఎస్టీ, రెండూ రెండున్నర శాతం చొప్పున. పక్క రాష్ట్రానికి పంపితే మొత్తం 5 శాతం ఐజీఎస్టీ అనే ఒకే లైన్‌లో వస్తుంది.

ఇప్పుడు చాలామంది ఫస్ట్ రాసే కోడ్ ఎలా ఉంటుందో చూడండి. 99ని 1.05తో భాగిస్తే 94.2857 వస్తుంది. పైసల దాకా రౌండ్ చేస్తే 94.29. ఇది పన్ను లేని ధర. దీని మీద రెండున్నర శాతం అంటే 2.35725, రౌండ్ చేస్తే 2.36. సీజీఎస్టీ 2.36, ఎస్‌జీఎస్టీ 2.36. ఇప్పుడు మూడూ కూడండి. 94.29 ప్లస్ 2.36 ప్లస్ 2.36. ఎంత వచ్చింది? 99 రూపాయల 1 పైసా.

ఒక్క పైసాకి ఏమవుతుందిలే అనుకోవద్దు. ప్యాకెట్ మీద ముద్రించిన ఎమ్మార్పీ కంటే ఎక్కువకి అమ్మకూడదని లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్, 2011 చెబుతున్నాయి. మన ఇన్వాయిస్ మాత్రం ఎక్కువకే అమ్మామని కాగితం మీద రాసి ఇస్తోంది. పైగా కస్టమర్ దగ్గర పేమెంట్ గేట్‌వే తీసుకున్నది 99.00. ఇన్వాయిస్‌లో 99.01. రోజు ముగిసేసరికి రెండు రికార్డులూ కలవవు.

ఇంకో విచిత్రం చూడండి. మాచర్ల దాటి సాగర్ వెళ్తే, డ్యాంకి ఇవతల విజయపురి సౌత్ మన పల్నాడు జిల్లా. అవతల హిల్ కాలనీ తెలంగాణ, నల్గొండ జిల్లా. షాపు ఇదే ప్యాకెట్‌ని విజయపురి సౌత్‌కి కొరియర్ చేస్తే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడి బిల్లు 99.01. హిల్ కాలనీకి కొరియర్ చేస్తే ఐజీఎస్టీ. 94.29 మీద 5 శాతం 4.7145, రౌండ్ చేస్తే 4.71, మొత్తం కచ్చితంగా 99.00. కోడ్ అదే, ప్యాకెట్ అదే. నది దాటితే పైసా తగ్గింది. కారణం ఏంటంటే, ఇవతల పన్నుని రెండుసార్లు విడివిడిగా రౌండ్ చేశాం, అవతల ఒక్కసారే చేశాం. కాబట్టి టెస్ట్ డేటాలో రెండు అడ్రస్‌లూ ఉండాలి. ఐజీఎస్టీతో మాత్రమే టెస్ట్ చేసినవాళ్లకి ఈ బగ్ కనిపించదు.

ఇప్పుడు క్వాంటిటీ మారుద్దాం. మూడు ప్యాకెట్లు. కార్ట్ సర్వీస్ ప్యాకెట్‌కి విడిగా రౌండ్ చేసి మూడుతో గుణిస్తే 297.03 వస్తుంది. ట్యాక్స్ సర్వీస్ లైన్ మొత్తం మీద, అంటే 297 మీద ఒక్కసారి చేస్తే 282.86, పన్ను 7.07 రెండుసార్లు, మొత్తం సరిగ్గా 297.00. రెండు సర్వీసులూ విడివిడిగా చూస్తే దేనికది కరెక్టే. కార్ట్ టీమ్ యూనిట్ టెస్టులు పాస్, ట్యాక్స్ టీమ్ యూనిట్ టెస్టులు పాస్. రెండూ కలిపితే 3 పైసల తేడా.

అయితే లైన్ మీద రౌండ్ చేస్తే సరిపోతుందా? 100 ప్యాకెట్లు పెట్టి చూడండి. 9,900ని 1.05తో భాగిస్తే 9,428.57. దాని మీద రెండున్నర శాతం 235.71. మొత్తం కూడితే 9,899.99. ఈసారి పైసా తగ్గింది. అంటే లైన్ మీద చేసినా తప్పు పోలేదు, దిశ మారింది అంతే.

ఈ లెక్క ఎన్ని ధరలకి తప్పుతుందో నేను కాగితం మీద చూశాను. పైసల్లేని రూపాయి ధరలు వరసగా తీసుకుంటే, ప్రతి 21 ధరల్లో 10 ధరలకి మొత్తం ఒక పైసా అటో ఇటో పోతుంది. దాదాపు సగం. టెస్ట్ రాసేవాళ్లు మామూలుగా 100 రూపాయలో 105 రూపాయలో పెట్టి చూస్తారు. 105 పెడితే పన్ను లేని ధర సరిగ్గా 100, పన్ను సరిగ్గా 5. అక్కడ రౌండింగే జరగదు. రౌండింగ్ జరగని నంబర్‌తో రౌండింగ్‌ని టెస్ట్ చేసినట్టు అవుతుంది.

ఒక పైసా ప్లస్, ఒక పైసా మైనస్, చివరికి సర్దుకుపోతుంది కదా అని ఎవరైనా అంటే, సర్దుకుపోదండి. షాపులో ఎక్కువ అమ్ముడయ్యేది 99 రూపాయల ప్యాకెటే అయితే ప్రతి బిల్లులోనూ తేడా ప్లస్ వైపే వస్తుంది. ఒకే వైపు పోయే చిన్న తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ కేసు ఉంది. 1982 జనవరిలో వాళ్లు 1000 పాయింట్లతో ఒక ఇండెక్స్ మొదలుపెట్టారు. ప్రతి ట్రేడ్‌కీ ఇండెక్స్‌ని మళ్లీ లెక్కగట్టి, మూడు దశాంశాల తర్వాత ఉన్నది రౌండ్ చేయకుండా కోసేసేవారు. కోయడం అంటే ఎప్పుడూ కిందికే. 1983 నవంబర్‌కి ఇండెక్స్ 524 దగ్గర ఉంది. సరిగ్గా లెక్కగడితే 1098 అని తేలింది. మార్కెట్ పెరిగింది, బోర్డు మీద సగానికి పడిపోయినట్టు కనిపించింది.

సరే, మన బిల్లుకి పరిష్కారం ఏంటి? దిశ తిప్పాలి. కస్టమర్ ఇచ్చేది 99 రూపాయలు, అది మారకూడదు. కాబట్టి మొత్తం నుంచి మొదలుపెట్టి ముందు పన్ను తీయాలి, మిగిలింది పన్ను లేని ధర కావాలి. 105లో సీజీఎస్టీ వాటా రెండున్నర, అంటే మొత్తంలో 42వ వంతు. అందుకే మొత్తాన్ని 42తో భాగిస్తే సీజీఎస్టీ వస్తుంది. 9,900 పైసలు బై 42 అంటే 235.71, రౌండ్ చేస్తే 236 పైసలు. ఎస్‌జీఎస్టీ కూడా అంతే. 9,900లోంచి 472 తీసేస్తే 9,428 పైసలు, అంటే 94.28. కూడితే సరిగ్గా 99.00. ఇక్కడ భాగహారం ఒక్కసారే, రౌండింగ్ ఒక్కసారే. మిగతాది తీసివేతే కాబట్టి పైసా ఎక్కడికీ పోదు.

కానీ ఇన్వాయిస్ చూసేవాళ్లు తిరిగి చెక్ చేస్తారు. 94.28 మీద రెండున్నర శాతం నిజంగా 2.36 అవుతుందా అని. అవుతుంది, 2.357 కాబట్టి. అన్ని ధరలకీ అవుతుందా? ఇలాంటి చోట రెండు మూడు ఉదాహరణలు పెట్టి వదిలేయకండి. ధరలు కొన్నే ఉంటాయి కాబట్టి అన్నీ తిప్పి చూడొచ్చు. కోడ్ ఇదిగో.

```python
def half_up(n, d):
    return (2 * n + d) // (2 * d)

bad = []
for rs in range(1, 101):
    total = rs * 100            # paise
    c = half_up(total, 42)      # CGST
    v = total - 2 * c           # taxable value
    if half_up(v, 40) != c:
        bad.append(rs)
print(bad)
```

ఇందులో ఫ్లోట్ ఎక్కడా లేదు, అన్నీ పైసల్లో పూర్ణసంఖ్యలే. `half_up` అంటే సరిగ్గా సగం వస్తే పైకి తీసుకోవడం. రెండున్నర శాతం అంటే 40వ వంతు కాబట్టి తిరిగి చెక్ చేసేటప్పుడు 40తో భాగించాం. రన్ చేస్తే వచ్చేది ఇది.

```
[17, 38, 59, 80]
```

1 నుంచి 100 రూపాయల దాకా నాలుగు ధరలు ఫెయిల్. 80 రూపాయలు తీసుకుందాం. 8,000 బై 42 అంటే 190.48, కాబట్టి 190 పైసలు. పన్ను లేని ధర 76.20. దాని మీద రెండున్నర శాతం 190.5 పైసలు. సగం వచ్చింది కాబట్టి 191 అవ్వాలి, మనం 190 వేశాం. పోనీ 191 వేద్దామా? అప్పుడు పన్ను లేని ధర 76.18 అవుతుంది, దాని మీద పన్ను 190.45, అంటే 190. ఇటు పోతే అటు తప్పు, అటు పోతే ఇటు తప్పు. పైసల్లో 80 రూపాయలని ఈ మూడు లైన్లుగా సరిగ్గా విడగొట్టే మార్గమే లేదు. ఇది కోడ్‌లో బగ్ కాదు, అంకగణితమే అంత.

ఇలాంటి ధరలకి ఇన్వాయిస్‌లో రౌండ్ ఆఫ్ అని వేరే లైన్ పెడతారు. మన షాపుల్లో చేత్తో రాసే బిల్లుల్లో కూడా కింద రౌండ్ ఆఫ్ అని ఉంటుంది కదా, అదే. ప్రభుత్వ ఈ-ఇన్వాయిస్ ఫార్మాట్‌లో కూడా దీనికి `RndOffAmt` అని ఒక ఫీల్డ్ ఇచ్చారు. 80 రూపాయలకి ధర 76.19 వేయండి, పన్ను 1.90 రెండుసార్లు, రౌండ్ ఆఫ్ 0.01, మొత్తం 80.00. 76.19 మీద పన్ను తిరిగి లెక్కగట్టినా 1.90 వస్తుంది. కాబట్టి టెస్టులో రాయాల్సిన షరతులు మూడు. నాలుగు లైన్లూ కూడితే కస్టమర్ కట్టినంతే ఉండాలి. పన్నుని తిరిగి లెక్కగడితే అదే రావాలి. రౌండ్ ఆఫ్ ఒక పైసా దాటకూడదు. ఈ మూడో షరతు మర్చిపోవద్దు. అది లేకపోతే వేరే పెద్ద తప్పు ఏది జరిగినా రౌండ్ ఆఫ్ లైన్‌లోకి దూరిపోయి, మొత్తం మాత్రం చక్కగా కలిసినట్టు కనిపిస్తుంది.

42, 40 అనే నంబర్లు 5 శాతానికే. 18 శాతం అయితే ఫెయిల్ అయ్యే ధరలు వేరే ఉంటాయి. కాబట్టి మీరు అమ్మే ప్రతి పన్ను రేటుకీ ఈ లూప్ విడిగా తిప్పాలి.

ఇప్పుడు ఆ 190.5 దగ్గరే ఇంకాసేపు ఉందాం, ఎందుకంటే సర్వీసులు గొడవపడేది అక్కడే. మన సిస్టమ్‌లో ట్యాక్స్ సర్వీస్ పైథాన్, ఇన్వాయిస్ సర్వీస్ జావా, వెబ్ పేజీ జావాస్క్రిప్ట్ అనుకోండి. పైథాన్‌లో `round(190.5)` అంటే 190 వస్తుంది. పైథాన్ సగం వస్తే దగ్గర్లో ఉన్న సరి సంఖ్యకి వెళ్తుంది, దీన్నే బ్యాంకర్స్ రౌండింగ్ అంటారు. జావాస్క్రిప్ట్‌లో `Math.round(190.5)` అంటే 191. జావాలో `BigDecimal`కి `HALF_UP` ఇస్తే 191. స్క్రీన్ మీద ఒక నంబర్, డేటాబేస్‌లో ఇంకో నంబర్.

ఇందులో ఏది వాడాలి అన్నది మన ఇష్టం కాదు. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 170లో కట్టాల్సిన పన్నుని దగ్గరి రూపాయికి రౌండ్ చేయమని ఉంది. అక్కడ 50 పైసలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పైకి, తక్కువైతే వదిలేయాలి. అంటే చట్టం ఎంచుకున్నది సగం వస్తే పైకి అనే పద్ధతి. ఆ సెక్షన్ చెప్పేది రూపాయి స్థాయిలో, బిల్లు లైన్లలో మనం చేస్తున్నది పైసల స్థాయిలో. కానీ రెండు చోట్లా ఒకే పద్ధతి పెట్టుకుంటే ఆడిటర్‌కి చెప్పడం తేలిక.

దీంతో పాటు ఫ్లోట్ సమస్య వేరే ఉంది. పన్ను లేని ధర 107 రూపాయలైతే రెండున్నర శాతం 2.675. మనకి 2.68 కావాలి. పైథాన్‌లో `round(2.675, 2)` అని రాయండి, 2.67 వస్తుంది. ఇది బ్యాంకర్స్ రౌండింగ్ వల్ల కాదు, ఆ పద్ధతిలో కూడా 2.68 రావాలి. 2.675 అనే సంఖ్యని కంప్యూటర్ బైనరీలో కచ్చితంగా దాచలేదు. దానికంటే పిసరంత తక్కువ దాస్తుంది. సగం కంటే తక్కువ కాబట్టి కిందికి పోతుంది. అందుకే సర్వీసుల మధ్య జేసన్‌లో పంపేటప్పుడు 99.01 లాంటి దశాంశం పంపకుండా 9901 అని పైసల్లో పూర్ణసంఖ్య, పక్కన కరెన్సీ కోడ్ పంపాలి.

మూడు భాషలకీ మూడు వేరే టెస్టులు రాయకండి. ఒకే పట్టిక తయారు చేసి అన్ని రిపోజిటరీల్లోనూ అదే ఫైల్ పెట్టండి. అందులో 59, 80, 99 రూపాయలు, 297, 9,900 ఉండాలి. ప్రతిదానికీ రావాల్సిన పైసలు చేత్తో లెక్కగట్టి రాసి ఉండాలి, కోడ్ రన్ చేసి వచ్చిన జవాబుని అందులో అతికించకూడదు. ప్రతి సర్వీస్ బిల్డ్‌లోనూ ఆ పట్టిక నడవాలి. ఒక టీమ్ లైబ్రరీ మార్చి రౌండింగ్ పద్ధతి మారితే, వాళ్ల బిల్డ్‌లోనే 80 రూపాయల లైన్ ఫెయిల్ అయ్యి తెలిసిపోతుంది.

ఇప్పుడు కరెన్సీ. కువైట్‌లో ఉన్న కొడుకు నరసరావుపేటలో ఉన్న అమ్మకి శుభకార్యం ఉందని 30 ప్యాకెట్లు ఆర్డర్ పెట్టాడు. డెలివరీ ఇక్కడే కాబట్టి పన్ను మామూలే, బిల్లు 2,970 రూపాయలు. అతను కట్టేది మాత్రం కువైట్ దినార్లలో. లెక్క తేలిగ్గా ఉండడానికి ఒక దినార్‌కి 280 రూపాయలు అనుకుందాం. 2,970 బై 280 అంటే 10.60714 దినార్లు.

మన రూపాయికి 100 పైసలు. కువైట్ దినార్‌కి 1000 ఫిల్స్. అంటే మూడు దశాంశాలు. బహ్రెయిన్ దినార్, ఒమన్ రియాల్ కూడా అంతే. జపాన్ యెన్‌కి అసలు దశాంశాలే లేవు. కాబట్టి ఇక్కడ సరైన మొత్తం 10.607. అన్ని కరెన్సీలకీ రెండు దశాంశాలే అని రాసిన సర్వీస్ దీన్ని 10.61 చేస్తుంది. ఇంకా ఘోరం ఏంటంటే, ఒక సర్వీస్ 10607 ఫిల్స్ అని పంపితే, ఇంకో సర్వీస్ దాన్ని 100తో భాగించి 106.07 దినార్లు అని చదువుతుంది. పదింతలు. ఇక్కడ టెస్ట్ డేటా ఎంచుకోవడంలోనే అంతా ఉంది. 10.500 దినార్లతో టెస్ట్ చేస్తే రెండు దశాంశాల బగ్ బయటపడదు, మూడో అంకె సున్నా కాబట్టి. మూడో అంకె సున్నా కాని మొత్తం ఒక్కటైనా ఉండాలి.

చాలా టెస్టుల్లో రూపాయల్ని దినార్లకి మార్చి, తిరిగి రూపాయలకి మార్చి, అదే వచ్చిందా అని చూస్తారు. 10.607ని 280తో గుణించండి. 2,969.96 వస్తుంది. 4 పైసలు తగ్గింది. కోడ్‌లో తప్పు లేదు. టెస్ట్ అడుగుతున్న ప్రశ్నే తప్పు. ఈ టెస్ట్ ఫెయిల్ అవుతోందని ఎవరో ఒకరు 1 రూపాయి దాకా తేడా ఉన్నా పాస్ అని పెట్టేస్తారు. ఇక 10.61 బగ్ కూడా అందులో పాస్ అయిపోతుంది, ఎందుకంటే దాని తేడా 80 పైసలు.

ఎంత తేడా ఒప్పుకోవచ్చో ఊహించి పెట్టకూడదు, లెక్కగట్టాలి. దినార్‌ని ఫిల్స్ దాకా రౌండ్ చేస్తే పోయేది ఎక్కువలో ఎక్కువ అర ఫిల్స్. అర ఫిల్స్ అంటే 0.0005 దినార్, 280తో గుణిస్తే 14 పైసలు. కాబట్టి 14 పైసల లోపు తేడా రౌండింగ్ వల్ల వచ్చింది, అంతకు మించితే బగ్. 4 పైసలు పాస్, 80 పైసలు ఫెయిల్. అసలు సిస్టమ్‌లో మాత్రం తిరిగి మార్చడమే ఉండకూడదు. ఆర్డర్ రికార్డులో రూపాయల మొత్తం, దినార్ల మొత్తం, వాడిన రేటు, ఆ రేటు తీసుకున్న టైమ్, నాలుగూ దాచాలి. లెడ్జర్‌కి రూపాయలు కావాలంటే దాచిన రూపాయలే తీసుకోవాలి.

రేటు గురించి ఇంకో టెస్ట్. కార్ట్ పేజీ రేటు అడిగినప్పుడు 280.00, నిమిషం తర్వాత పేమెంట్ సర్వీస్ మళ్లీ అడిగితే 280.35 వచ్చిందనుకోండి. అప్పుడు 10.594 దినార్లు అవుతుంది. స్క్రీన్ మీద 10.607 చూపించి, 13 ఫిల్స్ తక్కువ తీసుకున్నట్టు. ఈసారి తక్కువ, ఇంకోసారి ఎక్కువ. దీన్ని పట్టుకోవడానికి టెస్టులో ఒక డమ్మీ రేటు సర్వీస్ పెట్టండి. మొదటిసారి అడిగితే 280.00, రెండోసారి 280.35 ఇచ్చేలా. చివరికి తీసుకున్న మొత్తం 10.607 కాకపోతే, మధ్యలో ఎవరో రేటు మళ్లీ అడిగారని అర్థం. రేటు ఎప్పుడూ ఒకటే ఇచ్చే డమ్మీతో ఈ తప్పు జన్మలో దొరకదు.

చివరిది రీఫండ్. మూడు ప్యాకెట్లు, 297 రూపాయల బిల్లుకి తిరిగి వద్దాం. సీజీఎస్టీ 29,700 బై 42, అంటే 707 పైసలు తీసుకున్నాం. కస్టమర్ ఒక్కో ప్యాకెట్ ఒక్కో రోజు వాపస్ చేశాడు. రీఫండ్ సర్వీస్ ప్రతి ప్యాకెట్‌కీ విడిగా 236 పైసలు వెనక్కి ఇస్తే, మూడుసార్లకి 708. తీసుకున్నది 707, తిరిగి ఇచ్చింది 708. వసూలు చేయని పన్నుని వాపస్ ఇచ్చినట్టు క్రెడిట్ నోట్లు పోతాయి.

పద్ధతి ఏంటంటే, రీఫండ్‌ని నేరుగా లెక్కగట్టకుండా, కస్టమర్ దగ్గర ఇంకా మిగిలిన సరుకుకి పన్ను ఎంత ఉండాలో లెక్కగట్టి, ఇప్పటిదాకా మన దగ్గర ఉన్న దాంట్లోంచి తీసేయాలి. రెండు ప్యాకెట్లు మిగిలితే ఉండాల్సింది 471, కాబట్టి మొదటి రీఫండ్ 707 మైనస్ 471, అంటే 236. ఒకటి మిగిలితే 236 ఉండాలి, కాబట్టి రెండో రీఫండ్ 235. ఏమీ మిగలకపోతే మూడోది 236. మొత్తం 707. టెస్ట్ చాలా సింపుల్. ఒక ఆర్డర్‌ని ముక్కలుగా, ఏ వరసలో అయినా పూర్తిగా వాపస్ చేయండి. చివర్లో లెడ్జర్‌లో ఆ ఆర్డర్‌కి ప్రతి ఖాతా, సీజీఎస్టీ విడిగా, ఎస్‌జీఎస్టీ విడిగా, సున్నా ఉండాలి. మొత్తం సున్నా ఉంటే చాలదు. ఒక ఖాతాలో ప్లస్ ఒకటి, ఇంకోదాంట్లో మైనస్ ఒకటి ఉన్నా మొత్తం సున్నాయే చూపిస్తుంది.

రీఫండ్‌లో మైనస్ గుర్తు కూడా ఇబ్బంది పెడుతుంది. జావాస్క్రిప్ట్‌లో `Math.round(190.5)` 191 అన్నాం కదా. `Math.round(-190.5)` మాత్రం -190. అమ్మినప్పుడు 191 తీసుకుని, వాపస్‌లో 190 ఇస్తుంది. అందుకే రౌండింగ్ ఎప్పుడూ ప్లస్ సంఖ్య మీదే చేసి, గుర్తు తర్వాత పెట్టాలి.

రీఫండ్‌లో పన్ను రేటు తేదీ కూడా చూడాలి. మాచర్ల వైపు వాళ్లకి సిమెంట్ ఉదాహరణ బాగా పనికొస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. సెప్టెంబర్ 20న కొన్న బస్తా 25న వాపస్ వస్తే, క్రెడిట్ నోట్ 28 శాతంతోనే వెళ్లాలి. ట్యాక్స్ సర్వీస్ ఈరోజు రేటు ఎంత అని చూసుకుంటే తప్పు, అసలు ఇన్వాయిస్ తేదీ రేటు చూడాలి. టెస్టులో అమ్మకం తేదీ 21, వాపస్ తేదీ 22 పెట్టి చూస్తే తేలిపోతుంది.

ఇవన్నీ దాటి ప్రొడక్షన్‌లో తేడా వస్తే ఎక్కడ వెతకాలి? రోజు చివర్లో కార్ట్, పేమెంట్, ఇన్వాయిస్, లెడ్జర్ నాలుగు చోట్ల నుంచి ఒక్కో ఆర్డర్ మొత్తం తీసి పోల్చండి. రోజు మొత్తాన్ని మాత్రమే పోల్చకండి, ప్లస్‌లు మైనస్‌లు కొట్టేసుకుంటాయి. ఒకే కరెన్సీ అయితే ఒక్క పైసా తేడా కూడా ఒప్పుకోవద్దు. ఆర్డర్‌కి ఒక పైసా తేడా ఉండి రాష్ట్రంలోపలి ఆర్డర్లలోనే కనిపిస్తే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ విడగొట్టే చోట చూడండి. తేడా క్వాంటిటీతో పాటు పెరుగుతుంటే ఎవరో ప్యాకెట్‌కి రౌండ్ చేసి గుణిస్తున్నారు. సరిగ్గా పదింతలు, వందింతలు ఉంటే కరెన్సీ దశాంశాలు. వాపస్ ఆర్డర్లలోనే ఉంటే మైనస్ గుర్తు గానీ, ముక్కల రీఫండ్ గానీ. తేడా ఆకారం చూస్తే ఏ సర్వీసో చాలావరకు తెలిసిపోతుంది.

ఒక హోంవర్క్. పైన చూపించిన లూప్‌ని 18 శాతానికి మార్చండి. 118లో 9 వాటా సీజీఎస్టీ, తిరిగి చెక్ చేసేటప్పుడు 100లో 9. మీ షాపు ధరల్లో ఏవి ఫెయిల్ అవుతాయో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే బిల్లు మీద డిస్కౌంట్ కూపన్ పెట్టి, 100 రూపాయల తగ్గింపుని మూడు లైన్లకి పంచినప్పుడు మిగిలే పైసా ఎవరికి చెందాలో చూద్దాం.